అసలు పేరు అనే గడి

తొంభైల నడిమధ్యలో నేను ఆత్మకూరు లైబ్రరీలో పనిచేస్తుండగా జిల్లా నుంచి కొన్ని ఫారాలు వచ్చినాయి. జిల్లాలో పుట్టిన రచయితలందరి వివరాలతో ఒక పుస్తకం వేయాలని తలపెట్టారు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల రచయితల వివరాలు సేకరించే పని నా మెడకు చుట్టుకుంది. ఒక్కొక్కరికి ఒక్కో ఫారం. మొదటి గడిలో ఇంటిపేరు, అసలు పేరు. రెండో గడిలో కలం పేరు. ఆ తర్వాత బిరుదులు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, ఊరు, చనిపోయి ఉంటే ఆ తేదీ, అచ్చయిన రచనలు.

పద్నాలుగు ఫారాలు నాలుగు నెలల్లో నింపాను. పదిహేనోది నా దగ్గర ఏడాదికి పైగా ఉండిపోయింది.

ఆ పదిహేనో మనిషి కలం పేరు నేనిక్కడ రాయను. కొండ అనే మాట, నీడ అనే మాట కలిపి కట్టుకున్న పేరని మాత్రం చెబుతాను. ఉదయగిరి వైపు పుట్టినవాళ్లకు ఆ పేరు పెట్టుకోవాలని ఎందుకనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రం నాలుగైతే ఊరి సగం ఆ కొండ నీడలోనే ఉంటుంది.

నాకప్పుడు ముప్పై దాటాయి. పెళ్లి కాలేదు. అమ్మ పోయి చాలా కాలమైంది. బస్టాండు వెనక వీధిలో రెండు గదుల ఇంట్లో నేనూ నాయనా, తండ్రీకూతుళ్లం ఇద్దరమే ఉండేవాళ్లం. నాయన పోస్టుమన్‌గా రిటైరయినాడు. అంతకుముందు, నేను పుట్టకముందు, దుత్తలూరు దారిలో ఒక పల్లెలో చిన్న పోస్టాఫీసు చూసుకునేవాడు. ఇంటి వసారాలోనే ఒక బల్ల, ఒక ముద్ర, ఒక తాళం పెట్టె. అదే ఆఫీసు. ఆ సంగతి నాకు తెలుసు గానీ, ఆ పల్లె గురించి నాయన ఎప్పుడూ ఎక్కువ మాట్లాడింది లేదు.

ఆ కవి గేయాలు నెల్లూరు నుంచి వచ్చే ఒక వారపత్రికలో అచ్చయ్యేవి. అవి వచ్చిన కాలం నాటి సంపుటాలు కుట్టించినవి మా లైబ్రరీలో ఉన్నాయి. ఎనిమిది పంక్తులకు మించని చిన్న గేయాలు. బావి గిలక, ఎండిన చెరువులో పశువుల గిట్టల గుర్తులు, జ్వరం తగ్గిన పిల్ల గంజి అడగడం, ఇట్లాంటివి. కింద కలం పేరొక్కటే ఉండేది. ఊరు లేదు, మరే గుర్తూ లేదు.

మొదట మా కార్డుల పెట్టె చూశాను. లైబ్రరీలో ప్రతి పుస్తకానికి రచయిత పేరుతో ఒక కార్డు ఉంటుంది. అవి అక్షరక్రమంలో ఉంటాయి. ఈయన పేరుతో ఒక చిన్న గేయ సంపుటి ఉండాలని నాకు ముందు పనిచేసిన ఆయన చెప్పినాడు. 'కొ' దగ్గర చూస్తే అదే కలం పేరుతో ఒక కార్డు దొరికింది. కానీ అది గుంటూరు వైపు నాటకాలు రాసిన ఇంకొకాయనది. ఇద్దరు మనుషులు ఒకే పేరు పెట్టుకున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉండదు. మూడు రోజుల తర్వాత మావాడి పుస్తకం 'క' దగ్గర బయటపడింది. ఎవరో కార్డు రాసేటప్పుడు అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉన్న 'కవిరత్న' అనే బిరుదును పేరనుకొని దాని కిందనే చేర్చినారు. ఆ శీర్షిక కింద ఐదుగురు వేరే వేరే కవిరత్నలు ఒకే కుటుంబంలాగా వరసగా ఉన్నారు.

ఆ పుస్తకం ముందు పేజీలో 'కవిరత్న' అని, దాని కింద కలం పేరు. ముందుమాట రాసిన పెద్దమనిషి ఆయన్ను ఆరుసార్లు 'మా కవిరత్నగారు' అన్నాడే గానీ పేరు ఒక్కసారీ రాయలేదు. చివరి పేజీలో మాత్రం చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది, ప్రతులకు ఫలానా పల్లె బడి పంతులుగారిని అడగమని. ఇట్లాంటి చిన్న పుస్తకాల ప్రతులు రాసినవాళ్ల దగ్గరే దొరుకుతాయి.

ఆ పల్లె పేరు చూసి నేను ఆ పేజీ మీద చేయి పెట్టి కాసేపు కూర్చున్నాను. అది నాయన పోస్టాఫీసు చూసిన పల్లె.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అడిగినాను.

"నాయనా, నువ్వుండిన పల్లెలో పాటలు రాసే బడిపంతులు ఉండినాడంటనే. నీకు తెలుసా?"

నాయన బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు. తలెత్తలేదు.

"పంతుళ్లు శానామంది వస్తుంటారు, పోతుంటారు. ఎవురని గుర్తుపెట్టుకుంటాం?"

"పాటలు రాసేవాళ్లు శానామంది ఉండరు గదా."

"గుర్తులేదు మే" అని చేట ఎత్తుకొని లోపలికి పోయినాడు. ఆ చేటలో ఇంకా ఏరవలసిన బియ్యం సగం ఉండాయి. వీధుల వెంట ముప్పై ఏళ్లు తిరిగి, ఏ ఇంట్లో ఎవరికి ఏ ఊరి నుంచి ఉత్తరం వచ్చేదో ఇప్పటికీ చెప్పగలిగే మనిషికి ఈ పంతులు గుర్తులేడంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ముసలితనం అనుకొని ఊరుకున్నాను.

తర్వాతి ఆదివారం బస్సెక్కి ఉదయగిరి పోయినాను. పల్లె బడి పంతులంటే మిషను బడిలో చదివి ఉంటాడని అనుకున్నాను. అక్కడ చర్చి పెద్దాయన ఓపికగా పాత సభ్యుల రిజిస్టరు తీసి ఇచ్చినాడు. పేరేమిటో తెలియకుండా రిజిస్టరు చూడటమంటే ముఖం తెలియని మనిషి కోసం సంతలో వెతకడమే. అందుకే ఊరి పేరు పట్టుకొని వెతికినాను. ఆ పల్లె నుంచి బాప్తిస్మం తీసుకున్న మగవాళ్లు తొమ్మిది మంది. తొమ్మిదీ బైబిల్ పేర్లే. ఇంటిపేర్లు లేవు. తండ్రుల పేర్లు కూడా బైబిల్ పేర్లే.

"పుట్టిన తేదీలు లేవే అయ్యా" అన్నాను.

"మాలో పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరమ్మా. తెలివొచ్చినాక వాళ్లే అడిగి తీసుకోవాల. ఇందులో ఉండేది బాప్తిస్మం తేదీ. పుట్టింది అంతకు పదిహేనేళ్ల ముందో, ఇరవై ఏళ్ల ముందో" అన్నాడు.

ఆ పల్లెలో బడిపంతులుగా పనిచేసిన మనిషి గురించి అడిగితే ఆయన "గాజుకళ్లాయన గురించా మీరడిగేది?" అన్నాడు. చిన్నప్పుడు ఆయన దగ్గర చదువుకున్నాడంట. లావు అద్దాలు పెట్టుకునేవాడు గనక అందరూ గాజుకళ్ల అయ్యవారు అనేవాళ్లు. అసలు పేరు ఆయనకూ తెలియదు.

"అయ్యవారిని పేరు పెట్టి ఎవరడుగుతారమ్మా?" అన్నాడు.

గౌరవం వల్ల ఒక మనిషి పేరు పోవచ్చునని నాకు అప్పుడు తెలిసింది. ఇంట్లో అబ్బోడు, బళ్లో అయ్యవారు, వీధిలో గాజుకళ్లాయన, పత్రికలో కలం పేరు, పుస్తకం మీద కవిరత్న. ఎవరికి కావలసింది వాళ్లు పిలుచుకున్నారు. అందరూ ప్రేమగానే పిలిచినారు. అసలు పేరుతో పిలిచినవాళ్లు ఎవరూ మిగల్లేదు.

హైస్కూల్లో అడ్మిషన్ రిజిస్టరు చూపించడానికి హెడ్మాస్టరు రెండుసార్లు తిప్పించుకొని మూడోసారి ఒప్పుకున్నాడు. ఆ పల్లె నుంచి చేరిన పిల్లలు ఆ కాలంలో ముగ్గురే. ఇద్దరు కాపుల పిల్లలు. మూడో పేరు ఒక హిందూ దేవుడిది. దాని ముందు ఇంటిపేరు, దాని ఎదుట తండ్రి పేరు. ఆ తండ్రి పేరు మాత్రం బైబిల్ పేరు. చర్చి రిజిస్టరులో తొమ్మిదింట ఒకదాని ఎదుట ఉన్న తండ్రి పేరూ అదే. బళ్లో వేసినప్పుడు ఒక పేరు, పెద్దయి తనంతట తాను బాప్తిస్మానికి నీళ్లలో దిగినప్పుడు ఇంకొకటి. ఆ పేర్లు రెండూ ఒకే మనిషివని చెప్పేది ఆ తండ్రి పేరొక్కటే. తండ్రి పేరు ఒకటే గనక మనిషి ఒకడే అనేయడానికి వీల్లేదు, అన్నదమ్ములు కావచ్చు. అందుకని మళ్లీ చర్చికి పోయి ఆ తండ్రికి ఎంతమంది కొడుకులో చూశాను. ఒక్కడే.

అడ్మిషన్ రిజిస్టరులో పుట్టిన తేదీ ఉంది. ఆ పేజీలో సగం మంది పిల్లలు ఒకటో తారీకునే పుట్టినారు. ఆ తేదీ ఎంత నమ్మవచ్చో నాకు అర్థమైంది. అయినా ఏదో ఒకటి దొరికిందనే సంతోషంతో ఇంటికి వచ్చి, అన్నం పెడుతూ చెప్పాను.

"నాయనా, మీ పంతులు పేరు దొరికింది. పుట్టిన సంవత్సరం కూడా." సంవత్సరం చెప్పాను.

నాయన ముద్ద నోట్లో పెట్టుకోబోతూ, "అది తప్పు. బళ్లో వేసేటప్పుడు వయసు రెండేండ్లు తగ్గించి రాయించినారు" అన్నాడు.

అని ఆగిపోయినాడు. చేతిలో ముద్ద అట్లనే ఉండాది. నేను ఆయన ముఖం వైపు చూడలేకపోయాను. ఆయన కూడా చూడలేదు. మజ్జిగ పోయమని గ్లాసు ముందుకు తోసినాడు. నేను పోశాను. ఆ పూట ఇంకేమీ అడగలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో మూడో మనిషి ఉన్నట్టు అనిపించేది. నేను లైబ్రరీ నుంచి వచ్చేసరికి నా కాగితాలు పెట్టిన చోటనే ఉండేవి, కానీ దొంతర సరిచేసి ఉండేది. నాయన చదువుతున్నాడని తెలుసు. నేను ఆ కవి గేయం ఏదైనా ఒకటి పైకి చదివితే ఆయన పక్క గదిలో దగ్గడం మానేసేవాడు.  చదవడం ఆపితే మళ్లీ దగ్గేవాడు.

చావు తేదీ కోసం మండలాఫీసుకు పోయినాను. మునసబుల కాలంలో పల్లెల్లో జనన మరణాలు రాసిన పాత పుస్తకాలు అక్కడికి చేరినాయి. ఇప్పుడు నా దగ్గర బడి పేరు, ఇంటిపేరు, బాప్తిస్మం పేరు, మూడూ ఉన్నాయి. మూడింటిలో ఏ ఒక్కటీ ఆ పుస్తకంలో లేదు. రెండోసారి వరస వరసా చదువుతుంటే ఒక చోట కనపడింది. పేరు అన్న గడిలో 'బడి అయ్యవారు' అని ఉంది. వయస్సు ముప్పై నాలుగు, జ్వరం. తెలియజేసినవారు అన్న గడిలో తల్లి వేలిముద్ర. ఆ వేలిముద్ర పక్కన సాక్షి సంతకం.

ఆ సంతకం నేను చిన్నప్పటి నుంచీ నా ప్రోగ్రెసు కార్డుల మీద చూసిందే. నాయనది.

ఆ తేదీ రాసుకొని లైబ్రరీకి వచ్చి వారపత్రిక సంపుటాలు మళ్లీ తీసినాను. ఆ కవి గేయాలు ఆ తేదీతో ఆగలేదు. ఆ తర్వాత నెలకు రెండు, మూడు, ఒక్కోసారి వారం వారం, ఏడేళ్లు వచ్చినాయి. ఐదో ఏట ఒక సంచికలో పెద్ద వార్త. ఒక సాహితీ సంస్థ వాళ్లు ఆయనకు 'కవిరత్న' అని బిరుదు ఇచ్చినారు. 'శ్రీ' అని మొదలుపెట్టి, కలం పేరు రాసి, 'గారు అస్వస్థత వల్ల సభకు రాలేకపోయినందున సన్మాన పత్రాన్ని తపాలాలో పంపుతున్నాము' అని. ముందు 'కీర్తిశేషులు' అని లేదు. చనిపోయి ఐదేళ్లయిన మనిషికి ఒంట్లో బాగాలేదని రాసినారు.

 ఎవరో తప్పు తేదీ రాసి ఉండాలని మనసుకు చెప్పుకున్నాను. ఆ మాట సరిచూసుకోవడానికి పల్లెకు పోయినాను.

చెరువు కట్ట అవతల గడ్డిలో సమాధులు ఉన్నాయి. మిట్ట మధ్యాహ్నం, ఎవరూ లేరు. కట్ట మీద గొర్రెలు తోలుకుపోతున్న ఒకామెను అయ్యవారి సమాధి ఏదని అడిగితే చేయి చాపి చూపించింది. మామూలు నాపరాయి. మీద 'ప్రభువునందు నిద్రించిన' అని ఉంది, దాని కింద కవిరత్న అయ్యవారు అని ఉంది, దాని కింద చావు తేదీ ఉంది. అది మండలాఫీసు తేదీయే. తప్పు లేదు. మనిషి పేరు మాత్రం ఆ రాయి మీద కూడా లేదు. కవిరత్న అయ్యవారు, అంతే.

ఆయన చనిపోయినప్పుడు ఆ బిరుదు లేదు. ఆ రాయి చెక్కించింది ఐదేళ్ల తర్వాతనన్నా అయి ఉండాలి. ఎవరు చెక్కించినారు? బిరుదు వచ్చిన సంగతి ఆ రాతి దాకా ఎవరు తెచ్చినారు? ఆ పల్లెకు ఉత్తరాలన్నీ ఒక్క మనిషి చేతి మీదుగానే వచ్చేవి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉండాది. నేను దాని మీద సంచి పెట్టలేదు. ఎందుకో పెట్టబుద్ధి కాలేదు.

ఇంటికి వచ్చేసరికి నాయన వాకిట్లో కుర్చీ వేసుకొని ఉన్నాడు. నా చెప్పులకు అంటిన మట్టి వైపు చూసినాడు. "పోయొచ్చినావా?" అన్నాడు.

"పోయొచ్చినాను."

"రాయి ఉండాదా ఇంకా?"

"ఉండాది."

కాలితో పీట నా వైపు జరిపినాడు. తర్వాత తనే మొదలుపెట్టినాడు. నేను మధ్యలో రెండుసార్లు తప్ప మాట్లాడలేదు.

"మెయిలు సంచి వచ్చేదాకా అయ్యవారు మా వసారాలో కూసునేవాడు. పాట కట్టంగానే ముందు నాకే చెప్పేవాడు. నేను ఎనిమిది దాకా చదివిందే గదా, బాగుండాదో లేదో నాకేం తెలుస్తాది? వినేవోణ్ణి. విని విని అన్నీ నోటికొచ్చినాయి. జ్వరం వచ్చి పది దినాల్లో పోయినాడు. పెండ్లి కాలేదు. ముసిలామె ఒకటే మిగిలింది, తల్లి. ఆమెకు అచ్చరం రాదు.

ఆయన పోయిన నెలకు పత్రికోళ్లు కార్డు రాసినారు, గేయాలు పంపండి అని. కలం పేరుతో వచ్చింది. నేను ముసిలామె కాడికి ఎత్తకపోయి చదివినాను. 'పాటలు కావాలంట అవ్వా' అన్నాను. 'పంపు నాయనా, నోటుపుస్తకం నిండా ఉండాయి గదా' అనింది. నేను కాపీ చేసి పంపినాను. అచ్చయి వచ్చినాయి. పత్రిక రాంగానే ఆమె వచ్చేది, కట్టె పట్టుకొని. చదివేవోణ్ణి. కొడుకు మాట్టాడినట్టే వినేది."

"పోయినాడని పత్రికోళ్లకు రాయలేదా నాయనా?"

"రాయాలనే అనుకున్నాను. కార్డు కూడా రాసి పెట్టినాను. రాస్తే ఒకసారి సంతాపం వేసి ఆపేస్తారు. ఆమె వారం వారం వచ్చి కూసుంటాది. ఆ కార్డు ముద్ర కొట్టకుండా అట్లనే ఉండిపోయింది."

ఏడాదిన్నరకు నోటుపుస్తకం అయిపోయింది. రెండు వారాలు గేయం రాలేదు. ముసలామె వచ్చి, పత్రిక విప్పించి, "మా అబ్బోడిది లేదా?" అని అడిగి వెళ్లిపోయింది. మూడో వారమూ అట్లనే అడిగింది. నాలుగో వారానికి నాయన ఒకటి రాసి పంపినాడు.

"ఏం రాసినావు?"

"బావి గిలక మీద" అన్నాడు. అని తల దించుకున్నాడు.

ఆ గిలక గేయం నాకు అన్నింటికంటే ఇష్టమైనది. ఆ మాట నేను ఆయనతో అప్పుడు చెప్పలేదు. తర్వాత చెప్పాను.

ఆ తర్వాత ఐదేళ్లకు పైగా రాసినాడు. అయ్యవారు మాట్లాడినట్టు రాయాలని మొదట్లో కష్టపడినాడంట. కొన్నాళ్లకు కష్టపడకుండానే అట్లా వచ్చేదంట. ఒకనాడు సన్మాన పత్రం తపాలాలో వచ్చింది. ఇప్పుడన్నా నిజం రాయాలని కూర్చున్నాడు. రాసే లోపల ముసలామె వచ్చింది. ఆ పత్రం మీద పూలదండ బొమ్మ ఉంటే ఏందని అడిగింది. "మీ అబ్బోడికి కవిరత్న అని పేరిచ్చినారు అవ్వా" అన్నాడు. ఆమె ఆ కాగితం కళ్లకద్దుకొని, మేకను అమ్మి రాయి చెక్కించింది. బిరుదు ఎట్లా రాయాలో రాతిపనివాడికి కాగితం మీద రాసి ఇచ్చింది నాయనే. బిరుదు ఒకటి రాంగానే ఒకాయన ముందుకొచ్చి, మనిషిని చూడకుండా ఉత్తరాల మీదనే పుస్తకం కూడా వేయించినాడు. ముసలామె పోయినాక నాయన ఇంకొక్క పంక్తి రాయలేదు.

"ఆమెకు నిజంగానే తెలీదా నాయనా? నోటుపుస్తకం అయిపోయిందని, కొడుకు లేడని?"

"లేడని తెలుసు మే. ప్రతి ఆదివారం సమాధి కాడికి పోయేది. పాటలు యాడి నుంచి వస్తుండాయో ఏనాడూ అడగలా. చచ్చిపోయే ముందు నా చెయ్యి పట్టుకొని, 'అబ్బోడు బాగా రాస్తుండాడు నాయనా, ఇంక విశ్రాంతి తీసుకోమను' అనింది. ఎవురితో అనిందో, నాతోనో ఆయనతోనో, నాకు తెల్వదు."

నాయన ఏడవలేదు. నేనే లేచి లోపలికి పోయినాను.

ఆ తర్వాత నెల రోజులు నేను సంపుటాలు ఒక్కొక్కటే ఇంటికి తెచ్చేదాన్ని. ఆదివారం ఉదయం ఇద్దరం కూర్చుని ఒక్కో గేయం చదివేవాళ్లం. నేనొక కాగితం మీద తేదీ వేసి పక్కన 'అ' అని, లేదా 'నా' అని రాసుకునేదాన్ని. అయ్యవారిది, నాయనది. తేదీని బట్టి తేలిపోవాలి గదా అనుకున్నాను. తేలలేదు. నోటుపుస్తకంలో ఎక్కనివి, అయ్యవారి నోట విన్నవి కొన్ని గుర్తుకొస్తే దాచి పెట్టుకొని, తన గేయాలు బాగా రానప్పుడు మధ్యలో పంపేవాడంట. కొన్నింటిలో సగం అయ్యవారిది, సగం నాయనది. మొదట్లో చకచకా చెప్పినాడు. పోను పోను ఆలోచించేవాడు. జ్వరం తగ్గిన పిల్ల గేయం దగ్గరికి వచ్చి ఆగిపోయినాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చదివినాడు.

"ఇది?" అన్నాను.

"ఇది నాకు తెలీడం లేదు మే" అన్నాడు. భయపడినట్టు చెప్పినాడు. "ఆయన నోటితో విన్నట్టే ఉండాది. నేను రాసినట్టూ ఉండాది."

ఆ ఆదివారం అంతటితో మానుకున్నాం. మళ్లీ కూర్చోలేదు.

ఫారం గడువు దాటిపోయింది. జిల్లా నుంచి గుర్తుచేస్తూ రెండు ఉత్తరాలు వచ్చినాయి. నేను నాయనను అడిగినాను, రెండో మనిషిగా నీ పేరు రాస్తానని. "నా పేరు ఎక్కితే ఆయన పేరు పోతాది. ఆమె చెక్కించిన రాయి అబద్ధమైపోతాది. నేను బతికుండంగా రాయొద్దు, పోయినాక కూడా రాయొద్దు" అన్నాడు. ఒట్టు వేయించుకోలేదు. అడిగినాడు, అంతే.

నేను నింపినాను. అసలు పేరు గడిలో బడి పేరు, ఇంటిపేరుతో రాసి, దాని పక్కన బాప్తిస్మం పేరు రాశాను. పుట్టిన సంవత్సరం రెండేళ్లు వెనక్కి జరిపి, 'సుమారు' అని చేర్చాను. చావు తేదీ ఉన్నదున్నట్టు. బిరుదు, అది ఇచ్చిన సంవత్సరం. గుంటూరు ఆయనా ఈయనా వేరని ఒక వాక్యం. చివరన ఇంకొక వాక్యం రాశాను, 'మరణానంతరం ఇదే కలం పేరుతో వచ్చిన గేయాల్లో కొన్ని మరొకరివి' అని. అంత మాత్రం రాయకపోతే నేను చేసిన పనికి అర్థం లేదనిపించింది. నాయనకు చదివి వినిపించాను. ఆ చివరి వాక్యం దగ్గర తల ఊపినాడు. ఒప్పుకున్నట్టో, విన్నట్టో.

పుస్తకం అచ్చయి వచ్చేసరికి ఆ చివరి వాక్యం లేదు. స్థలం చాలక తీసేసి ఉంటారు, ఆధారం లేదని తీసేసి ఉంటారు. మిగతాదంతా ఉంది. చావు తేదీ ఒక పంక్తిలో, దాని తర్వాత ఐదేళ్లకు వచ్చిన బిరుదు ఇంకో పంక్తిలో, పక్కపక్కనే. నాయన ఆ ఆరు పంక్తులూ వేలు పెట్టి చదివినాడు. "బాగుండాది. పేరు ఉండాది గదా" అన్నాడు.

తర్వాతి ఎండాకాలంలో నాయన పోయినాడు.

ఆయన పోయిన ఏడాదికి తిరుపతి నుంచి ఒక రిసెర్చి విద్యార్థి మా లైబ్రరీకి వచ్చినాడు. మర్యాద తెలిసిన మనిషి. ఈ జిల్లా గేయకవుల మీద పని చేస్తున్నాడు. జిల్లా పుస్తకంలో ఆ కవి పేజీ తీసి నా ముందు పెట్టినాడు.

"మేడం, ఈ వివరాలు మీరే సేకరించారట. ఇక్కడ తేదీ తప్పు పడినట్టుంది. చనిపోయిన ఐదేళ్లకు బిరుదు ఇచ్చారు. అదీ పత్రికలో 'శ్రీ' అని రాసి, బతికున్నట్టు. ఆ తర్వాత కూడా రెండేళ్లు గేయాలు వచ్చాయి. ఏది తప్పు?"

నేను ఆ పేజీ వైపు చూశాను. "రెండూ కరెక్టే" అన్నాను.

"అదెలా మేడం?"

నాయన అడిగిన మాట నా నోటికి అడ్డం పడింది. "మండలాఫీసులో చూశాను. సమాధి మీద కూడా చూశాను. చావు తేదీ అదే" అన్నాను.

ఆయన నా వైపు జాలిగా చూసినాడు. "రిజిస్టరులో పేరేముంది?" అని అడిగినాడు. మంచి ప్రశ్న. అది అడగవలసిన ప్రశ్నే.

"బడి అయ్యవారు అని ఉంది."

"పేరు లేదు కదా మేడం. ఆ పల్లెకు ఇంకో అయ్యవారు ఉండి ఉండవచ్చు. సమాధి మీద?"

"పేరు లేదు. బిరుదు ఉంది."

"బిరుదు ఉందంటే ఆ రాయి బిరుదు తర్వాతిదే కదా. అంటే ఆయన బిరుదు వచ్చాకే చనిపోయి ఉండాలి" అన్నాడు. అతని తర్కంలో నాకు ఒక్క తప్పూ కనపడలేదు. నేను ఏడాదికి పైగా తిరిగి కూడగట్టినవన్నీ ఐదు నిమిషాల్లో చక్కగా సర్ది, ఇంకో వైపుకు తిప్పి పెట్టినాడు. సాక్షి సంతకం ఎవరిదో చెబితే అంతా విడిపోయేది. నేను టీ తెప్పించి ఇచ్చాను.

రెండేళ్లకు ఆయన థీసిస్ ప్రతి ఒకటి మా లైబ్రరీకి పంపినాడు. ముందుమాటలో నాకు కృతజ్ఞతలు ఉన్నాయి. ఆ కవి గురించిన పేజీలో చావు సంవత్సరం మార్చి ఉంది. చివరి గేయం అచ్చయిన సంవత్సరమే చావు సంవత్సరమని, జిల్లా పుస్తకంలోనిది అచ్చు తప్పని అడుగున సూచన. అంతకంటే కింద, ఆ కవి చివరి ఏడేళ్ల గేయాల్లో పరిణతి స్పష్టంగా కనిపిస్తుందనీ, ముఖ్యంగా బావి గిలక గేయం ఆయన ప్రతిభకు శిఖరమనీ రాసినాడు.

నేను ఆ పుస్తకానికి కార్డు రాయాలి. రాశాను. పెట్టెలో దాని చోట దాన్ని పెట్టి మూత వేసి, ఆ రోజంతా ఆ పెట్టె వైపు వీపు తిప్పి కూర్చున్నాను.